కంప్యూటర్ కలిపే పేకలో ఎన్నటికీ రాని వరసలు

కంప్యూటర్లో పేకాట ఆడేటప్పుడు ముక్కలు కలిపేది ఒక ప్రోగ్రామ్. ఎవరి చేతికి ఏ ముక్క వస్తుందో ఎవరికీ తెలియదన్న నమ్మకం మీదే ఆట నడుస్తుంది. 1999లో అమెరికాలో ఆ నమ్మకం ఒక ప్రోగ్రామ్ దగ్గర తప్పింది. ఏఎస్ఎఫ్ సాఫ్ట్‌వేర్ అనే సంస్థ తయారుచేసిన పోకర్ ప్రోగ్రామ్ అది. ప్లానెట్ పోకర్ అనే సైటు దాన్ని వాడేది. తాము పేకను న్యాయంగానే కలుపుతున్నామని చూపించడానికి, కలిపే పద్ధతిని ఆ సంస్థ బయటపెట్టింది. రిలయబుల్ సాఫ్ట్‌వేర్ టెక్నాలజీస్ అనే కంపెనీ నిపుణులు దాన్ని చదివి, ఎదుటివాళ్ల చేతిలోని ముక్కలన్నీ ఆట మధ్యలోనే చెప్పగల ప్రోగ్రామ్ రాశారు. వాళ్లు ఎవరి కంప్యూటర్లోకీ దొంగతనంగా చొరబడలేదు. కేవలం లెక్క వేశారు.

ఆ లెక్క అర్థం కావాలంటే ముందు కంప్యూటర్ పేక ఎలా కలుపుతుందో చూడాలి. మామూలు ప్రోగ్రామ్‌కు ఊరికే ఒక అంకె తోచదు. ఒక సంఖ్యతో మొదలుపెట్టి, దాన్ని ఒక సూత్రంలో వేసి రెండో సంఖ్య తీస్తుంది, దాంట్లోంచి మూడోది, అలా సాగుతుంది. ఆ మొదటి సంఖ్యనే సీడ్ అంటారు. ఏఎస్ఎఫ్ వాళ్లు వాడిన డెల్ఫీ భాషలో సూత్రం ఇదీ:

```
RandSeed := RandSeed * 134775813 + 1
```

ఫలితం 32 బిట్లను దాటితే పైన మిగిలింది వదిలేస్తారు. సీడ్ 1 అనుకుందాం. సూత్రంలో వేస్తే 134775814 వస్తుంది. వాళ్ల ప్రోగ్రామ్ దాన్ని 1 నుంచి 51 దాకా ఉండే సంఖ్యగా కుదించినప్పుడు 2 వస్తుంది. అంటే మొదటి ముక్క రెండో ముక్కతో చోటు మార్చుకుంటుంది. సీడ్ 1 అయితే ఈ రోజైనా, పదేళ్ల తర్వాతైనా మొదటి మార్పు ఇదే. తర్వాతి మార్పులూ అంతే, అన్నీ ముందే ఖాయం. కాబట్టి ఒక సీడ్‌కు ఒకే ఒక్క వరస. సీడ్లు ఎన్ని ఉన్నాయో, ఆ ప్రోగ్రామ్ ఇవ్వగల వరసలు మహా అయితే అన్నే. రెండు సీడ్లు ఒకే వరసను ఇస్తే ఇంకా తగ్గుతాయి గానీ పెరగవు.

చిన్న పేకతో చూస్తే ఇది తేలిగ్గా తెలుస్తుంది. ఆసు, రాజు, రాణి మూడే ముక్కలున్నాయనుకోండి. వాటిని ఆరు రకాలుగా పేర్చవచ్చు. సీడ్‌కు రెండు బిట్లే ఇస్తే అది 00, 01, 10, 11 అని నాలుగు విలువలే తీసుకోగలదు. నాలుగు సీడ్లకు నాలుగు వరసలు. ఎంత తెలివైన సూత్రం రాసినా కనీసం రెండు వరసలు ఎన్నటికీ రావు.

ఇప్పుడు అసలు పేకకు వద్దాం. 32 బిట్ల సీడ్‌కు ఉండే విలువలు 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. వినడానికి పెద్ద సంఖ్యే. కానీ 52 ముక్కలను పేర్చే పద్ధతులెన్ని? మొదటి చోటుకు 52 ముక్కల్లో ఏదైనా రావచ్చు, రెండో చోటుకు మిగిలిన 51లో ఏదైనా, మూడో చోటుకు 50లో ఏదైనా. ఇలా చివరిదాకా హెచ్చవేస్తే 68 అంకెల సంఖ్య వస్తుంది. దాని పక్కన మన 429 కోట్లు పది అంకెల సంఖ్య.

68 అంకెలు ఊహకు అందవు కాబట్టి పైనున్న కొన్ని ముక్కలనే లెక్కపెడదాం. మొదటి ఐదు ముక్కలు రాగల వరసలు 31 కోట్ల 18 లక్షల పైచిలుకు. ఇంతవరకు సీడ్లు సరిపోయేలానే ఉన్నాయి. ఆరో ముక్కను కలిపితే వరసలు 1,465 కోట్లు దాటతాయి. సీడ్లు 429 కోట్లే. అంటే పైనున్న ఆరు ముక్కల వరసల్లోనే నూటికి డెబ్బైకి పైగా ఎన్నటికీ రావు. ఏడో ముక్కతో అవి 67 వేల కోట్లు దాటిపోతాయి. వాటిలో వెయ్యింటికి ఏడు కూడా రావు. పేకలో ఇంకా 45 ముక్కలు ఉండగానే సంగతి ఇక్కడికొచ్చింది.

రాని వరసల వల్ల ఆడేవాడికి నష్టమేమిటని అడగవచ్చు. జన్మంతా ఆడినా ఎవరూ 429 కోట్ల పంపకాలు చూడరు. ఇస్పేటు ఆసు వచ్చినన్నిసార్లే కళావరు ఆసూ వస్తుంది, మామూలు పరీక్షల్లో తేడా కనబడకపోవచ్చు. నష్టం రాని వరసలతో కాదు, వచ్చే వరసలతో. అవి ఒక్కొక్కటిగా సరిచూడగలిగినన్నే ఉన్నాయి. సెకనుకు పది లక్షల సీడ్లను పరీక్షించే కంప్యూటర్ 429 కోట్లనూ సుమారు 72 నిమిషాల్లో ముగిస్తుంది. ఏడు ముక్కలు ఏ వరసలో పడ్డాయో మీకు తెలిస్తే, వాటికి సరిపడే సీడ్ సాధారణంగా ఒక్కటే మిగులుతుంది. అది దొరికితే తక్కిన 45 ముక్కలూ దొరికినట్టే.

ఏఎస్ఎఫ్ ప్రోగ్రామ్‌లో పని ఇంకా తేలికైంది. అది సీడ్‌ను కంప్యూటర్ గడియారం నుంచి తీసుకునేది, అర్ధరాత్రి నుంచి ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయో ఆ సంఖ్యను. రోజుకు 8 కోట్ల 64 లక్షల మిల్లీసెకన్లే కాబట్టి 32 బిట్లలో చాలా భాగం వాడుకలోకే రాలేదు. నిపుణులు తమ గడియారాన్ని సర్వర్ గడియారంతో సరిపోల్చి, చూడాల్సిన సీడ్లను దాదాపు రెండు లక్షలకు తగ్గించారు. ఆ పోకర్‌లో ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి ఇస్తారు, తర్వాత మూడు ముక్కలు బల్ల మీద తెరిచి వేస్తారు. తమ చేతిలోని రెండు, బల్ల మీది మూడు, ఈ ఐదింటితో పోల్చి చూస్తే సరైన సీడ్ తేలిపోయింది. ఎదుటివాళ్ల ముక్కలు, బల్ల మీద ఇంకా పడాల్సిన రెండు ముక్కలు కళ్లముందుకొచ్చాయి.

ఆ ప్రోగ్రామ్‌లో కలిపే తీరులోనూ తప్పుంది. 52కు బదులు 51 దాకానే సంఖ్య తీయడం వల్ల 52వ ముక్క తన చోటులోనే ఎప్పటికీ మిగిలేది కాదు. ఆ తప్పు దిద్దడం అవసరమే. అయితే దిద్దినా సీడ్ల సంఖ్య పెరగదు. ఒకే పేకను రెండుసార్లు, పదిసార్లు కలిపినా పెరగదు, ఎందుకంటే అన్ని మార్పులూ ఆ ఒక్క సీడ్ నుంచే పుడతాయి. మెర్సెన్ ట్విస్టర్ లాంటి పెద్ద సూత్రం లోపల 19,937 బిట్ల స్థితిని ఉంచుకుంటుంది. దాన్నీ 32 బిట్ల సీడ్‌తో మొదలుపెడితే 429 కోట్ల దారుల్లో ఒకదానిలోనే నడుస్తుంది.

68 అంకెల సంఖ్యకు సరిపోవాలంటే సీడ్‌కు కనీసం 226 బిట్లు కావాలి. అన్ని వరసలూ తప్పక వస్తాయని 226 బిట్లు హామీ ఇవ్వవు, రావడానికి వీలు మాత్రం కల్పిస్తాయి. అందుకే 256 బిట్లు తీసుకోవడం మంచిది. ఆ బిట్లు గడియారం నుంచి రాకూడదు. బయటివాళ్లు ఊహించలేని సంఘటనల నుంచి ఆపరేటింగ్ సిస్టమ్ పోగుచేసే యాదృచ్ఛిక సంఖ్యల నుంచి రావాలి. వాటిని సాగదీసే సూత్రం కూడా గూఢలిపి పనులకు తగినదై ఉండాలి, లేకపోతే బయటపడ్డ కొన్ని ముక్కల నుంచే లోపలి స్థితిని వెనక్కి లాగవచ్చు.

మా పేక నిజాయితీగా కలుస్తుందని ఎవరైనా చెబితే, ముందు అడగాల్సింది ఏ సూత్రం వాడారని కాదు. సీడ్ ఎన్ని బిట్లు, అవి ఎక్కడి నుంచి తెస్తున్నారు? ఈ రెండింటికీ జవాబు లేని చోట, ఎదుటివాడికి మన చేతిలోని ముక్కలు తెలియవని నమ్మడానికి ఆధారం లేదు.