తెల్లవారుజామున మూడింటికి కిచ్‌మన్న అలారం

2025 జనవరిలో మేమిద్దరం న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాం. ఒకరోజు తెల్లవారుజామున మూడింటికి మా ఆవిడ నన్ను లేపి, "ఏమండీ, ఇంట్లోకి పిట్ట ఏదో దూరినట్టుంది, వినండి" అంది. చెవి ఒగ్గి విన్నాను. కిచ్‌మని ఒక్క కూత, ఆ తర్వాత నిశ్శబ్దం. నిమిషం గడిచాక మళ్లీ అదే కూత. అది పిట్ట కాదు, సీలింగుకు బిగించిన పొగ అలారం.

మన ఊళ్లలో ఇళ్లకు ఇవి పెద్దగా అలవాటు లేదు. అక్కడ మాత్రం ప్రతి పడకగదిలో ఒకటి, వాటి బయట నడవాలో ఒకటి, ప్రతి అంతస్తులో ఒకటి ఉంటాయి. మా అమ్మాయి ఇంట్లో మొత్తం ఏడున్నాయి. పిల్లల దగ్గరికి వెళ్లిన పెద్దవాళ్లు చాలామంది ఈ కూత విని కంగారు పడతారు. కొందరు విసిగిపోయి బ్యాటరీ పీకి బల్ల మీద పెట్టేస్తారు. ఆ పని మాత్రం చేయవద్దు.

ఈ పరికరం రెండు రకాలుగా అరుస్తుంది. మూడుసార్లు గట్టిగా మోగి, కాస్త ఆగి, మళ్లీ మూడుసార్లు మోగితే పొగ వచ్చిందని అర్థం. అప్పుడు కారణాలు వెతుకుతూ కూర్చోకూడదు. అందరినీ లేపి బయటికి నడిపించాలి. పొగ లేదని తేలాకే అలారంలో తప్పు వెతకాలి. అలా కాకుండా అరనిమిషానికో నిమిషానికో ఒకసారి చిన్నగా కిచ్‌మంటే, పరికరం తన ఒంట్లో బాగోలేదని చెబుతోందన్న మాట.

ఏడింటిలో కూసింది ఏది? ఇదే మమ్మల్ని ఎక్కువ తిప్పలు పెట్టింది. ఆ కీచు స్వరం ఏ దిక్కు నుంచి వస్తోందో మన చెవులు సరిగ్గా పట్టుకోలేవు. పైగా అది గోడలకు తగిలి తిరిగొస్తుంది. అల్లుడు నిద్రమత్తులో నడవాలో ఉన్నదాని బ్యాటరీ మార్చాడు. కూత ఆగలేదు. అప్పుడు ఒక్కొక్క దాని కింద రెండేసి నిమిషాలు నిలబడ్డాం. చివరికి అది మేం పడుకున్న గదిలోదే అని తేలింది. ఎప్పుడో ఊడదీసి సొరుగులో పడేసిన పాత అలారం కూడా ఇలాగే కూస్తుంది. సీలింగు మీద ఏదీ దొరకకపోతే సొరుగులూ అల్మరాలూ చూడాలి.

"ఇవి కరెంటుతో నడిచేవే కదా మామయ్యా, మళ్లీ బ్యాటరీ ఎందుకు?" అన్నాడు అల్లుడు. కరెంటు పోయిన వేళ కూడా పని చేయడానికి లోపల ఒక తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఉంటుంది. అది నీరసిస్తే, కరెంటు నిక్షేపంగా ఉన్నా కూత మొదలవుతుంది. అది తెల్లవారుజామునే ఎందుకంటే, ఇల్లు బాగా చల్లబడేది అప్పుడే. చలికి బ్యాటరీ లోపలి రసాయన చర్య మందగించి వోల్టేజీ పడిపోతుంది. పొద్దెక్కి గది వెచ్చబడితే అదే బ్యాటరీ కాస్త కోలుకుంటుంది, కూత ఆగిపోతుంది. మనమూ మరిచిపోతాం. రాత్రి కూసి పగలు ఊరుకుంటోందంటే ముందు బ్యాటరీనే అనుమానించాలి.

కొత్త బ్యాటరీ వేసినా కొన్నిసార్లు కూత కాసేపు సాగుతుంది. లోపల మిగిలిన కాస్త ఛార్జే దానికి కారణం. అలాంటప్పుడు అలారాన్ని మెలితిప్పి దించి, కరెంటు ప్లగ్గు, బ్యాటరీ రెండూ తీసేసి, టెస్ట్ బటన్‌ను ఒక పదిహేను ఇరవై సెకన్లు నొక్కిపట్టాలి. ఆ తర్వాత మళ్లీ బిగించాలి. బ్యాటరీ కూడా వెనక లేబుల్ మీద రాసిన రకమే వేయాలి. ఛార్జింగు బ్యాటరీలు దీనికి పనికిరావు. పదేళ్ల లిథియం బ్యాటరీని లోపలే సీలు చేసిన అలారాలూ ఉన్నాయి. అవి కూస్తే మార్చడానికి బ్యాటరీ ఉండదు, పరికరమే మార్చాలి.

మా గదిలో కొత్త బ్యాటరీ వేశాక రెండు రోజులు హాయిగా గడిచాయి. మూడో రోజు మళ్లీ కిచ్‌మంది. ఈసారి మిట్టమధ్యాహ్నం, వెచ్చటి గదిలో, కొత్త బ్యాటరీతో. అంటే తప్పు బ్యాటరీది కాదు. దించి వెనక్కి తిప్పి చూస్తే తయారైన సంవత్సరం 2013 అని ఉంది. "మేం ఇల్లు కొన్నది 2019లోనే కదా నాన్నా" అంది మా అమ్మాయి. ఇల్లు కొన్న ఏడాదితో దీనికి సంబంధం లేదు. తయారైన రోజు నుంచి పదేళ్లు దాటితే పొగ అలారాన్ని మార్చేయాలన్నది అక్కడి నియమం. ఒక రకం అలారాల్లో అమెరీషియం అనే రేడియోధార్మిక పదార్థం సూదిమొనంత ఉంటుంది. అది సగానికి తగ్గడానికే 430 ఏళ్లకు పైగా పడుతుంది కాబట్టి అరిగిపోయేది అది కాదు. పదేళ్ల దుమ్ము, తేమ, వంటింటి జిడ్డు లోపలి గదిలో పేరుకుంటాయి, ఎలక్ట్రానిక్ భాగాలు ముసలివవుతాయి. అలాంటిది వట్టినే కూయడం ఒక ఇబ్బంది. నిజంగా పొగ వచ్చినప్పుడు కూయకపోవడం ప్రాణాంతకం.

దుమ్ము సంగతి వేరు. అది కిచ్‌మనిపించడం కంటే ఎక్కువగా పూర్తి అలారాన్నే మోగిస్తుంది. అంతకుముందు అక్టోబరులో చెక్క నేల గీకించి పాలిష్ పెట్టించారట. తర్వాతి వారం ఒకరోజు పొద్దున్నే ఏడూ ఒక్కసారిగా మోగాయి. ఇంట్లో ఎక్కడా పొగ లేదు. కాంతితో పనిచేసే అలారంలో ఒక చీకటి గది ఉంటుంది. అందులో ఒక చిన్న దీపం, దాని వెలుగు నేరుగా తగలకుండా పక్కకు తిప్పిన ఒక కన్ను ఉంటాయి. పొగ రేణువులు లోపలికొస్తే వెలుగు చెదిరి కన్ను మీద పడుతుంది, అలారం మోగుతుంది. చెక్కపొడి పడినా, చిన్న సాలీడు దూరినా కన్నుకు కనబడేది అదే చెదిరిన వెలుగు.

ఏడూ ఒకదానికొకటి వైరుతో కలిసి ఉన్నాయి కాబట్టి ఒకటి మోగితే అన్నీ మోగుతాయి. మొదలుపెట్టింది ఏదో దాని దీపం చెబుతుంది. వాళ్ల ఇంట్లో వాటికి మొదటి దాని ఎర్రదీపం గబగబా మినుకుమంటుంది. ఇది కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి లేబుల్ చదవాలి. దొరికాక వాక్యూమ్ క్లీనర్‌కు మెత్తటి బ్రష్ తగిలించి చుట్టూ ఉన్న కంతల మీద నెమ్మదిగా లాగాలి. మూత విప్పకూడదు, నీళ్లూ స్ప్రేలూ తగలనివ్వకూడదు. శుభ్రం చేశాకా ఊరికే మోగుతుంటే మార్చేయడమే.

తాలింపులో ఎండుమిర్చి మాడినప్పుడు మోగడాన్ని దుమ్ము ఖాతాలో వేయకండి. అది పొయ్యికి పది అడుగుల లోపు బిగించడం వల్ల వచ్చే బాధ. అమెరీషియం ఉన్న రకం తాలింపు సెగకు మరీ తొందరగా మోగుతుంది. వంటింటి దగ్గర కాంతితో పనిచేసే రకం నయం.

వైరింగు లోపానికి వేళాపాళా ఉండదు. పచ్చదీపం ఆరిపోయి ఉంటే కరెంటు అందడం లేదు, ముందు బ్రేకర్ చూడాలి. దీపం ఆరుతూ వెలుగుతూ ఉన్నా, చెయ్యి తగిలితే కూత మారినా, వెనక ప్లగ్గో పైనున్న వైర్ల అతుకో వదులై ఉంటుంది. బ్రేకర్ ఆపి ప్లగ్గును టక్కుమనేలా నొక్కడం వరకు ఎవరైనా చేయవచ్చు. నేను ముప్ఫై ఏళ్లు కరెంటు శాఖలో పనిచేసిన వాణ్ని. అయినా సీలింగు పెట్టెలోని అతుకుల్లో నేను చెయ్యి పెట్టను. అది అక్కడి ఎలక్ట్రీషియన్ పని.

ఏడింటి వెనకా 2013 అనే ఉంది. కూసింది ఒకటే అయినా ఏడూ మార్చాం. అన్నీ ఒకే కంపెనీవి కొన్నాం. వేర్వేరు కంపెనీల ప్లగ్గులు కలవవు, ఒకదాని సంకేతం ఇంకోటి అందుకుంటుందన్న భరోసా లేదు. చివరిది బిగించాక అల్లుడు కింది నడవాలో టెస్ట్ బటన్ నొక్కి పట్టుకున్నాడు. నేను పైనుంచి గది గదికీ తిరిగి లెక్కపెట్టాను. ఏడూ మోగాయి. ఒక్కొక్క దాని అంచున మార్కరుతో 2034 అని రాసి నిచ్చెన దిగాడు.