బుక్ చేసిన రేటు ఒకటి, పడిన రేటు ఇంకొకటి

గుంటూరులో ఉన్న ఒక తండ్రి, అమెరికాలో చదువుతున్న కూతురి ఫీజు కోసం 20,000 డాలర్లు పంపుతున్నాడనుకుందాం. ఉదయం బ్రాంచికి వెళ్లి ఫారం ఏ2 నింపి, యూనివర్సిటీ ఫీజు పత్రం జతచేశాడు. సిబ్బంది ట్రెజరీకి ఫోన్ చేసి డాలరు 86 రూపాయల 40 పైసల చొప్పున రేటు బుక్ చేశారు. డీల్ నంబరుతో ఈమెయిల్ కూడా వచ్చింది. సాయంత్రం చూసుకుంటే ఖాతాలోంచి 17,44,713 రూపాయల 74 పైసలు పోయాయి.

తేడా రేటులోనే వచ్చిందా, ఛార్జీల వల్ల వచ్చిందా అన్నది ముందు తేల్చుకోవాలి. వైర్ ఛార్జీ 500, దానిపై జీఎస్టీ 90, కరెన్సీ మార్పిడిపై జీఎస్టీ 1,123 రూపాయల 74 పైసలు. ఇవి తీసేస్తే సరిగ్గా 17,43,000 మిగులుతుంది. దాన్ని 20,000తో భాగిస్తే 87 రూపాయల 15 పైసలు. అంటే డాలరుకు 75 పైసలు ఎక్కువ, మొత్తం 15,000. మార్పిడి జీఎస్టీని రూపాయల మొత్తాన్ని బట్టి లెక్కిస్తారు కాబట్టి అందులోనూ 2 రూపాయల 70 పైసలు అదనంగా పోయాయి. అదే యూనివర్సిటీకి చేరిన డాలర్లు తగ్గి ఉంటే అది వేరే సంగతి. దారిలోని బ్యాంకులు కోసుకున్న ఛార్జీ అయి ఉండొచ్చు. దాన్ని ఈ ఫిర్యాదులో కలిపితే అసలు విషయం పలచబడుతుంది.

ఇలా జరగడానికి కారణం చాలాసార్లు మామూలుదే. బ్యాంకు రోజూ ప్రకటించే కార్డు రేటు ఒకటి కంప్యూటర్‌లో సిద్ధంగా ఉంటుంది. డబ్బు పంపేటప్పుడు సిబ్బంది డీల్ నంబరు నమోదు చేయకపోతే, ఖాతాదారుడికి బుక్ చేసిన రేటు బదులు ఆ కార్డు రేటే పడిపోతుంది. అందుకే ఫిర్యాదుకు ప్రాణం డీల్ నంబరు. ఇంటర్నెట్‌లో ఆ రోజు కనిపించిన రేటును ఉత్తరంలో ప్రస్తావించకపోవడమే మేలు. అది బ్యాంకు ఇస్తానన్న రేటు కాదు. మన వాదన బ్యాంకు ఇచ్చిన కాగితం మీదే నిలబడాలి.

ఉత్తరం ఇంత చాలు:

“బ్రాంచ్ మేనేజర్ గారికి,

విషయం: బుక్ చేసిన రేటు కాకుండా వేరే రేటు వేసినందున అదనంగా డెబిట్ అయిన సొమ్ము వాపసు గురించి.

అయ్యా, ఈ నెల 4వ తేదీ ఉదయం 11.20కి నా ఖాతా నుంచి 20,000 డాలర్లు పంపడానికి మీ బ్రాంచి డాలరుకు రూ. 86.40 రేటు ఖరారు చేసింది. డీల్ నంబరు, మీ ఈమెయిల్ ప్రతి జతచేశాను. ఫారం ఏ2, ఫీజు పత్రం అప్పటికే ఇచ్చాను. ఖాతాలో సరిపడా సొమ్ము ఉంది. అదే రోజు మీరు రూ. 87.15 రేటున డెబిట్ చేశారు. తేడా రూ. 15,000, దానివల్ల పెరిగిన జీఎస్టీ రూ. 2.70, మొత్తం రూ. 15,002.70. ఈ సొమ్మును డెబిట్ అయిన తేదీ నుంచే లెక్కకు వచ్చేలా నా ఖాతాలో జమచేయగలరు. బుక్ చేసిన రేటు వర్తించదని మీరు భావిస్తే, ఏ షరతు ప్రకారమో, ఎన్ని గంటలకు డీల్ రద్దయిందో రాతపూర్వకంగా తెలుపగలరు.”

చివరి వాక్యం చాలా ముఖ్యం. “మార్కెట్ మారింది సార్” అని నోటితో చెప్పి పంపేయడం తేలిక. మార్కెట్ మారినా ఆ రేటే దక్కాలని కదా ముందుగా బుక్ చేసుకునేది! రాసివ్వమన్నప్పుడు మాత్రం బ్యాంకు తన రికార్డు తీసి చూడక తప్పదు. అయితే బ్యాంకు మాటే నెగ్గే సందర్భాలూ ఉన్నాయి. రేటు మధ్యాహ్నం దాకానే చెల్లుతుందని ఈమెయిల్‌లో ఉండి, పత్రాలు ఆ తర్వాత అందినా, ఆ వేళకు ఖాతాలో సొమ్ము చాలకపోయినా ఫిర్యాదు బలహీనపడుతుంది. “సుమారు రేటు” అని మాత్రమే చెప్పి డీల్ నంబరు ఇవ్వకపోతే అది బుకింగే కాదు. అందుకే పత్రాలు ఇచ్చిన వేళ ఉత్తరంలో ఉండాలి, ఆ రోజు ఖాతా స్టేట్‌మెంట్ జతకావాలి.

ఉత్తరం నకలు మీద బ్రాంచి ముద్ర, తేదీ వేయించుకోవాలి, లేదా ఈమెయిల్‌లో పంపి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. ముందు బ్యాంకుకు రాసినట్టు రుజువు లేకపోతే అక్కడ ఫిర్యాదు తీసుకోరు. కాబట్టి ఆ ముద్ర పడిన నకలు, డీల్ ఈమెయిల్, స్టేట్‌మెంట్ ఒకచోటే భద్రపరచుకోవాలి.