సగం వేగంలో సంగతి

రికార్డింగు విని కీర్తన పట్టేవాళ్లు ఆగిపోయేది సాధారణంగా సంగతుల దగ్గర. పల్లవి మొదటిసారి పాడినప్పుడు వరుస తేలిగ్గానే చెవికెక్కుతుంది. మూడో సంగతికో నాలుగో సంగతికో గాయకుడు ఒక్క దెబ్బ కాలంలో నాలుగైదు స్వరాలు చుట్టి వెళ్లిపోతాడు. ఏదో జరిగిందని తెలుస్తుంది కానీ ఏం జరిగిందో అందదు. వేగం తగ్గించి, ఆ ముక్కనే తిప్పి తిప్పి వినడం పనికొచ్చేది అక్కడే.

ఇది కంప్యూటర్లతో పుట్టిన పద్ధతి కాదు. నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన ఎల్పీ రికార్డును 16⅔ మీద పెడితే పాట సగం వేగంతో సాగేది, గొంతు సరిగ్గా ఒక స్థాయి కిందికి దిగేది. ఆధార షడ్జమం పేరు మారదు కాబట్టి స్వరాలు గుర్తుపట్టడానికి ఇబ్బంది ఉండేది కాదు. ఇప్పటి సాఫ్ట్‌వేర్ శ్రుతి కదలకుండానే వేగం తగ్గిస్తుంది. ఉచితంగా దొరికే ఆడాసిటీలో పాట ముక్కను ఎంచుకుని Change Tempo లో -25 ఇస్తే ముప్పాతిక వేగం, -50 ఇస్తే సగం వేగం వస్తాయి. యూట్యూబ్‌లో 0.75, 0.5 వేగాలున్నాయి కానీ, దాని లూప్ వీడియో మొత్తాన్నే మళ్లీ వినిపిస్తుంది. వీఎల్‌సీలో A-B లూప్ ఉంది కనుక కావలసిన చోటి నుంచి కావలసిన చోటి వరకే తిప్పుకోవచ్చు. సగం కంటే బాగా కిందికి వెళ్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు ఉంటుంది, మృదంగం దెబ్బ చెదిరి రెండుగా వినిపిస్తుంది. అక్కడ అదనంగా తెలిసేది తక్కువ.

ముక్కను ఎక్కడ కత్తిరించాలన్నది వేగమంత ముఖ్యమైన విషయం. ముత్తుస్వామి దీక్షితుల ‘వాతాపి గణపతిం’ను తీసుకుంటే, అది హంసధ్వనిలో, ఆది తాళంలో ఉన్న కృతి. లూపు కచ్చితంగా ఒక ఆవర్తనం, అంటే ఎనిమిది దెబ్బలు ఉండాలి. నిమిషానికి 80 దెబ్బల నడకలో అది 6 సెకన్లు, సగం వేగంలో 12. చేత్తో తాళం వేస్తూ లూపు అతుకు దాటి చూస్తే కోత సరిగా ఉందో లేదో వెంటనే తేలుతుంది. చెయ్యి సమానికి వచ్చేసరికి పాట కూడా అక్కడికి రాకపోతే ముక్క పొట్టిదో పొడుగుదో అయిందన్నమాట. ఆ తప్పు లూపుతోనే సాధన చేస్తే తాళం కూడా తప్పుగానే అలవాటవుతుంది.

స్వరాలు వెతికే ముందు తంబురాను ఆనుకుని షడ్జమం పట్టాలి. హంసధ్వనిలో స, రి, గ, ప, ని మాత్రమే ఉంటాయి, మధ్యమం, దైవతం లేవు. అయినా సగం వేగంలో ఒకచోట గాంధారం, పంచమాల మధ్య మధ్యమం దొరికినట్టే ఉంటుంది. నిజానికి అది గాంధారం నుంచి పంచమానికి జారిన దారి. మామూలు వేగంలో చెవి దాన్ని ఒకే కదలికగా వింటుంది, నెమ్మదిస్తే దారిలోని ప్రతి మెట్టూ స్వరంలా కనబడుతుంది. దాన్ని మధ్యమంగా రాసుకుని కీబోర్డు మీద వాయిస్తే రాగమే చెడుతుంది. వయొలిన్ కూడా ఇలాగే తికమక పెడుతుంది. అది గాయకుడి వెనకే, రవ్వంత ఆలస్యంగా వస్తుంది. వేగం సగమైతే ఆ ఆలస్యం రెట్టింపై, ఒకే స్వరం రెండుసార్లు పలికినట్టు అనిపిస్తుంది. స్టీరియో రికార్డింగైతే ఒక్క ఇయర్‌ఫోన్‌తో, ఒకటి తర్వాత ఒకటి విని చూడాలి. గొంతు ఒకవైపు, వయొలిన్ మరోవైపు తేలితే గొంతున్న వైపే వినవచ్చు.

గమకం విషయంలో ఈ పద్ధతికి హద్దుంది. విద్వాంసులు కీర్తనను నెమ్మదిగా పాడితే గమకాన్ని అదే నిష్పత్తిలో సాగదీయరు. ఊపు తీరు మారుతుంది, ఒక్కోసారి ఊపుల సంఖ్య కూడా పెరుగుతుంది. యంత్రం మాత్రం అన్నిటినీ సమానంగా సాగదీస్తుంది. అందుకే సగం వేగంలో వినబడేది నెమ్మదిగా పాడిన పాట కాదు, వేగంగా పాడిన పాటకు భూతద్దం లాంటిది. గమకం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో, పైకి ఏ స్వరాన్ని తాకిందో అందులో చూసుకోవాలి. పలకడం మాత్రం ముప్పాతిక వేగంలో మొదలుపెట్టి త్వరగా అసలు వేగానికి రావాలి. ఎక్కువకాలం సగం వేగంతో కలిసి పాడినవాళ్ల గమకం అసలు వేగంలోనూ విడివిడి స్వరాల్లా మెట్లుమెట్లుగానే పలుకుతుంది.

సంగతులను విడివిడిగా కాక జంటలుగా లూపు చేయడం మేలు. రెండో సంగతి, మూడో సంగతి పక్కపక్కనే తిరుగుతుంటే ఏ దెబ్బ వరకు రెండూ ఒకటేనో, ఎక్కడ విడిపోయాయో వినబడుతుంది. చాలాసార్లు మారింది ఆవర్తనం చివరి భాగమే, కొత్తగా నేర్వాల్సిందీ అంతే. సాహిత్యాన్ని మాత్రం నెమ్మదించిన పాటలోంచి పట్టకూడదు. హల్లులు సాగి, ఒత్తులు కరిగిపోతాయి కాబట్టి మాటలు పుస్తకంలో చూసుకోవాలి.

నేర్చుకున్నది సరిపోయిందా అన్నది కలిసి పాడితే తెలియదు, ఎందుకంటే రికార్డింగు గొంతు మన తప్పును కప్పేస్తుంది. తంబురా మీద ఒంటరిగా పాడి రికార్డు చేసి, దాన్నీ సగం వేగానికి తగ్గించి, మూలంలోని అదే ఆవర్తనం పక్కన వినాలి.