పాస్‌వర్డ్ మార్చగానే పోస్టులు ఎందుకు ఆగుతాయి?

విజయవాడలో ఒక చీరల దుకాణం ఉందనుకుందాం. వారానికి సరిపడా పోస్టులను ఆదివారమే షెడ్యూలింగ్ టూల్‌లో పెట్టేస్తారు. బుధవారం రాత్రి యజమాని ఫేస్‌బుక్ పాస్‌వర్డ్ మార్చారు. గురువారం పోస్టు పడలేదు.

నిజానికి ఆ టూల్ దగ్గర పాస్‌వర్డ్ ఎప్పుడూ లేదు. మొదట అనుమతి ఇచ్చిన రోజున ఫేస్‌బుక్ దానికి ‘టోకెన్’ అనే పొడవాటి రహస్య సంకేతం ఇచ్చింది. పోస్టు వేసే ప్రతిసారీ టూల్ చూపించేది దాన్నే. పాస్‌వర్డ్ మారితే ఫేస్‌బుక్ పాత టోకెన్‌ను రద్దు చేస్తుంది. అది దొంగల చేతిలో పడి ఉన్నా ఇక చెల్లకూడదు కదా! అప్పుడు టూల్‌కు వచ్చే జవాబు ఎర్రర్ కోడ్ 190. దాని పక్కన ఉపకోడ్ 460 ఉంటే పాస్‌వర్డ్ మారిందని అర్థం.

సరిచేయడం తేలికే, తొందరపడకపోతే. ‘మళ్లీ కనెక్ట్ చేయండి’ అంటూ ఈమెయిల్‌లో వచ్చిన లింకు నొక్కకూడదు. మోసగాళ్లూ అలాంటివే పంపుతారు. టూల్ చిరునామాను స్వయంగా టైప్ చేసి లోపలికి వెళ్లాలి. అంతకుముందే అదే బ్రౌజర్‌లో పేజీ అడ్మిన్ ఖాతాతో ఫేస్‌బుక్ తెరిచి ఉంచాలి. చాలామంది తడబడేది ఇక్కడే: ఇంట్లో వేరొకరి ఖాతా తెరిచి ఉంటే, పేజీ జాబితాలో కనిపించదు. Reconnect నొక్కాక పాస్‌వర్డ్ అడిగితే, చిరునామా facebook.com అవునో కాదో చూశాకే ఇవ్వాలి. పేజీని ఎంచుకుని, పోస్టు చేసే అనుమతిని తీసేయకుండా ఉంచాలి.

ఛానల్‌ను తొలగించి మళ్లీ చేర్చడం మాత్రం వద్దు. కొన్ని టూల్స్‌లో వరుసలోని పోస్టులూ దాంతోపాటే పోతాయి. గురువారం ఆగిన పోస్టు దానంతటదే పడకపోవచ్చు, మళ్లీ షెడ్యూల్ చేయాలి.

ఖాతా హ్యాక్ అయిందన్న భయంతో పాస్‌వర్డ్ మార్చినవారు ముందుగా ఫేస్‌బుక్ సెట్టింగ్స్‌లో Business Integrations తెరిచి, తెలియని యాప్‌లను తీసేశాకే టూల్‌ను కలపాలి.