పాముకీ పావుకీ మధ్య ఒక అలగీత

అద్దం ముందు నిలబడి "పావు కిలో టమాటాలు" అనండి. "పావు"లోని "వు" దగ్గర పెదాలు కలవవు. ఇప్పుడు "అదిగో పాము!" అని గబుక్కున అనండి. ఇక్కడ "ము" దగ్గర కూడా చాలామందికి పెదాలు పూర్తిగా కలవవు. పాఠం చదివినట్టు నిదానంగా పలికితేనే "మ" కోసం రెండు పెదాలూ మూసుకుంటాయి. మరి వినేవాళ్ళు పామునీ పావునీ ఎలా వేరు చేస్తున్నారు? ముక్కును బట్టి. పాములోని ఆ "వ" లాంటి ధ్వని పలికేటప్పుడు గాలి నోటితోపాటు ముక్కులోంచి కూడా వస్తుంది. మామిడికాయను "మావిడికాయ" అని రాసేవాళ్ళు పట్టుకున్నది ఈ ధ్వనినే. ముక్కు సంగతి చూపించే అక్షరం మనకు వాడుకలో లేదు కాబట్టి వాళ్ళు "వి" దగ్గర ఆగిపోయారు.

అంతర్జాతీయ ధ్వనిలిపిలో దీనికి ఒక గుర్తు ఉంది. అక్షరం నెత్తిన చిన్న అలగీత పెడితే అది ముక్కుతో పలికిందని అర్థం. పావు [paːʋu] అయితే, వేగంగా పలికిన పాము [paːʋ̃u]. ఆ గీత తీసేస్తే రెండూ ఒకటే మాట అయిపోతాయి. కానీ పామునే /paːmu/ అని కూడా రాయవచ్చు. అప్పుడు గీతతో పనే లేదు, ముక్కు సంగతి m లోనే ఉంది. ఒకే మాటకు రెండు రాతలు, రెండూ సరైనవే. ఒకదానికి గుర్తు ప్రాణం, ఇంకోదానికి అనవసరం.

తేడా బ్రాకెట్లలో ఉంది. ఏటవాలు గీతల మధ్య రాసేది స్థూల లేఖనం. ఒక భాషలో మాటను మాట నుంచి వేరు చేసే వర్ణాలను మాత్రమే అది చూపిస్తుంది. చదరపు బ్రాకెట్లలో రాసేది సాధారణంగా సూక్ష్మ లేఖనం, నోటినుంచి నిజంగా వచ్చిన ధ్వనిని చూపించే రాత. ఈ విభజనను ఇంగ్లండుకు చెందిన హెన్రీ స్వీట్ 1877లోనే తన ధ్వనిశాస్త్ర గ్రంథంలో, బ్రాడ్ రోమిక్, నారో రోమిక్ అనే రెండు లేఖన పద్ధతులుగా ప్రతిపాదించాడు. నిఘంటువుకు స్థూల లేఖనం చాలు. ఎవరు, ఎప్పుడు, ఎంత వేగంలో "మ" దగ్గర పెదాలు కలపకుండా పాము అంటున్నారో తెలుసుకోవాలంటే మాత్రం సూక్ష్మంగా రాయక తప్పదు.

గుర్తు అవసరమా కాదా అని తేల్చుకోవడానికి నేను అడిగే ప్రశ్న ఒకటే. ఈ గుర్తు తీసేస్తే, ఆ భాష సూత్రాలు తెలిసిన పాఠకుడు దాన్ని తనంతట తాను తిరిగి పెట్టుకోగలడా? ఇంగ్లీషు "పిన్" మాటనే తీసుకోండి. ఇంగ్లీషువాళ్ళు దీన్ని కొంచెం "ఫిన్"లా, మన ఒత్తు ప లాగా పలుకుతారు: [pʰɪn]. "స్పిన్"లో s తర్వాత ఆ ఒత్తు పోతుంది: [spɪn]. మాట మొదట్లో ఒత్తు ఉంటుంది, s తర్వాత ఉండదు. ఇది సూత్రం కాబట్టి ఇంగ్లీషు నిఘంటువు ఆ చిన్న h రాయకపోయినా నష్టం లేదు. హిందీలో అలా కుదరదు. "పల్" అంటే క్షణం, "ఫల్" అంటే పండు. రెండు చోట్లా ప మాట మొదట్లోనే ఉంది, చుట్టూ అవే ధ్వనులు. ఒత్తు వల్లే మాట మారుతోంది కాబట్టి హిందీకి స్థూల లేఖనంలో కూడా /pʰ/ రాయాల్సిందే. హిందీ అచ్చుల సంగతీ అంతే. "సాస్" అంటే అత్తగారు, అదే అచ్చును ముక్కుతో పలికితే ఊపిరి.

ఇంగ్లీషుకు అక్కరలేదు అన్నది ఇంగ్లీషువాళ్ళ మధ్య మాట. మన పిల్లలకు ఇంగ్లీషు ఉచ్చారణ నేర్పేటప్పుడు అదే h చాలా అవసరమవుతుంది. 1964లో లీ లిస్కర్, ఆర్థర్ అబ్రామ్‌సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పదకొండు భాషల్లో ఒక చిన్న వ్యవధిని కొలిచారు. పెదాలు విడిన క్షణానికీ, గొంతులో నాదం మొదలైన క్షణానికీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూశారు. అమెరికన్ ఇంగ్లీషు p దగ్గర సగటున 58 మిల్లీసెకన్లు, b దగ్గర 1 మిల్లీసెకను. తమిళ ప దగ్గర 12 మాత్రమే. వాళ్ళ జాబితాలో తెలుగు లేదు, కానీ మన ప కూడా ఒత్తు లేనిదే. అలాంటి ప తో "పిన్" అంటే అది ఇంగ్లీషువాళ్ళ p కన్నా వాళ్ళ b కే దగ్గరగా ఉంటుంది. అందుకే వాళ్ళకు ఒక్కోసారి "బిన్" అని వినిపిస్తుంది. సూత్రం తెలియని పాఠకుడికి స్థూల లేఖనం చాలదు.

తెలుగు రికార్డింగులు విని రాసేవాళ్ళు తరచుగా చేసే పొరపాటు దీనికి తలకిందులు. చెవి విన్నది కాకుండా, కన్ను పుస్తకంలో చూసింది రాస్తారు. "ఖర్చు" అని వినగానే చేయి తనంతట [kʰ] రాసేస్తుంది. మాట్లాడిన మనిషి "కర్చు" అని ఉండవచ్చు, మనలో చాలామంది అనేది అదే. అనుమానం తీర్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. అదే మనిషి అదే రికార్డింగులో, ఇంచుమించు అదే వేగంతో "కర్ర" అన్న చోటు వెతకాలి. ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రెండు తరంగాలనూ పక్కపక్కన పెట్టి, క విడిన చిన్న పేలుడు నుంచి అచ్చు మొదలయ్యే దాకా ఉన్న ఖాళీని కొలవాలి. ఇలా నాలుగైదు జతలు చూసినా రెండు ఖాళీలూ దాదాపు సమానంగానే ఉంటే అక్కడ ఒత్తు లేదు, h రాయకూడదు. ఖర్చు దగ్గర ఖాళీ స్పష్టంగా పెద్దదై, అందులో ఊపిరి రొద కనిపిస్తే రాయాలి. ఒత్తును చూపిస్తానని ముందే చెప్పిన సూక్ష్మ లేఖనంలో h లేకపోవడం కూడా ఒక సాక్ష్యమే, ఇక్కడ ఒత్తు వినలేదు అని. అందుకే ఏ గుర్తులు పాటిస్తున్నామో మొదటి పేజీలోనే రాసుకోవాలి. ఒక పేజీలో పెట్టి ఇంకో పేజీలో వదిలేస్తే తర్వాత లెక్కపెట్టేవాళ్ళు మోసపోతారు.

సూత్రం ప్రకారం వచ్చిన ముక్కు ధ్వని కూడా ఒక్కోసారి మాటను మోసే బరువు ఎత్తుకుంటుంది. ఇంగ్లీషులో n ముందున్న అచ్చు ముక్కుతో పలకడం మామూలే, దాన్ని ఎవరూ రాయరు. కానీ అమెరికన్లు వేగంగా "క్యాంట్" అన్నప్పుడు n దాదాపు మాయమవుతుంది. అప్పుడు పిల్లి అనే "క్యాట్"కీ, చేయలేను అనే "క్యాంట్"కీ మధ్య మిగిలేది అలగీత ఒక్కటే: [kʰæt], [kʰæ̃t].

అలగీతను అన్నిటికన్నా జాగ్రత్తగా పెట్టాల్సింది అంగిలి చీలికతో పుట్టిన పిల్లల మాట రాసేటప్పుడు. అంగిలి వెనకభాగం సరిగా మూసుకోక వాళ్ళ అచ్చుల్లోకి ముక్కు ధ్వని చేరుతుంది. పిల్లవాడు "అమ్మ", "మామ" అన్నప్పుడు అచ్చు మీద గీత పడితే అది ఏమీ చెప్పదు. పక్కన మ ఉంది, ఆరోగ్యంగా ఉన్న పిల్లల నోటా అది కొంత వస్తుంది. అందుకే స్పీచ్ థెరపిస్టు న, మ లేని మాటలు అడగాలి: పాప, తాత, కాకి. ముక్కు కింద చిన్న అద్దం పెట్టి "పాప" అనిపించినప్పుడు అద్దం మీద ఆవిరి పడితే, ముక్కు ధ్వనికి ఏ కారణమూ లేని చోట గాలి అటు జారుతోందన్నమాట. అచ్చులో ఆ ధ్వని చెవికి కూడా వినిపిస్తే కాగితం మీద [pãːpã] అని గీతలతోనే రాయాలి. ఆపరేషను తర్వాత ఆ పిల్లవాడు మళ్ళీ వచ్చి "పాప" అన్నప్పుడు, పాత కాగితం పక్కన పెట్టుకుని గీతలు ఎన్ని పోయాయో, ఎన్ని మిగిలాయో చూస్తారు.