నాలుగో బాక్సు తగిలించే ముందు

వినాయక చవితి పందిట్లో రెండు సౌండ్ బాక్సులు బాగా మోగుతుంటాయి. జనం పెరిగారని మరో రెండు తెచ్చి, ఉన్న వాటి వెనుక సాకెట్లకే తీగలు తగిలిస్తారు. మొదట మోత పెరుగుతుంది. అరగంటకల్లా యాంప్లిఫయర్ పెట్టె చెయ్యి పెట్టలేనంతగా వేడెక్కి పాట ఆగిపోతుంది. యాంప్లిఫయర్ నాసిరకమని తిట్టుకుంటారు గానీ, చాలాసార్లు తప్పు ఓమ్‌ల లెక్కలో ఉంటుంది.

బాక్సు వెనుక 8 ఓమ్‌లు అని రాసి ఉంటుంది. కరెంటును ఆ బాక్సు ఎంతగా అడ్డుకుంటుందో చెప్పే అంకె అది. 8 ఓమ్‌ల బాక్సుకు 200 వాట్లు ఇవ్వగల యాంప్లిఫయర్‌ను తీసుకుందాం. నిండుగా మోగేటప్పుడు అది 40 వోల్టులు పంపుతుంది, బాక్సులోకి 5 యాంపియర్ల కరెంటు పోతుంది. రెండో 8 ఓమ్‌ల బాక్సును దాని పక్కనే పారలల్‌గా కలిపితే కరెంటుకు రెండు దారులు దొరుకుతాయి. మొత్తం లోడు 4 ఓమ్‌లకు దిగి, కరెంటు 10 యాంపియర్లవుతుంది. నాలుగు బాక్సులు ఇలాగే కలిస్తే మిగిలేది 2 ఓమ్‌లే. అప్పుడు అవే 40 వోల్టులకు 20 యాంపియర్లు కావాలి. యాంప్లిఫయర్ వెనుక ‘కనీసం 4 ఓమ్‌లు’ అని ఉంటే, దాని ట్రాన్సిస్టర్లు అంత కరెంటును మోయలేవు. మంచి యాంప్లిఫయర్ అయితే రక్షణ సర్క్యూట్ పనిచేసి తనంతట తానే ఆగుతుంది. ఆ ఏర్పాటు లేనిది కాలిపోతుంది.

యాంప్లిఫయర్‌కు రెండు చానళ్లుంటే పరిష్కారం తేలిక. చానల్‌కు రెండు బాక్సుల చొప్పున పంచితే ప్రతి చానల్‌కూ 4 ఓమ్‌లు పడతాయి. ఒక్క జాగ్రత్త: బ్రిడ్జ్ మీటను అప్పుడు వాడకూడదు. బ్రిడ్జ్‌లో ప్రతి చానల్ మీదా లోడులో సగమే పడుతుంది కాబట్టి, 4 ఓమ్‌ల లోడు 2 ఓమ్‌లతో సమానమవుతుంది.

బాక్సులను ఒకదాని తర్వాత ఒకటిగా సిరీస్‌లో కలిపితే యాంప్లిఫయర్‌కు భయం లేదు. కానీ రెండు 8లు కలిసి 16 అవుతాయి. 40 వోల్టులకు మొత్తం 100 వాట్లే వస్తాయి, బాక్సుకు 50. పాట నీరసంగా వినిపిస్తుంది.

ఇక వాట్లు. బాక్సు మీద ‘పీక్’ అని ఉన్న అంకెను నమ్మి కొనకండి. అది క్షణకాలపు హద్దు. చూడవలసింది ఆర్‌ఎంఎస్ అంకె, అంటే గంటల తరబడి భరించే శక్తి. 200 వాట్ల ఆర్‌ఎంఎస్ బాక్సుకు 200 నుంచి 400 వాట్ల మధ్య యాంప్లిఫయర్ సరిపోతుంది. చిన్న యాంప్లిఫయరే బాక్సుకు క్షేమమని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 100 వాట్ల యాంప్లిఫయర్‌ను చివరంటా తిప్పితే, సంగీతపు అలల కొసలు తెగి చదునవుతాయి. ముందుపలకలో ఎర్రగా వెలిగే క్లిప్ లైటు చెప్పేది అదే. అలా తెగిన అల, అదే ఎత్తున్న నునుపైన అల కన్నా రెట్టింపు వరకూ వేడిని కాయిల్‌లో పుట్టించగలదు. పైస్థాయి ధ్వనులు కూడా కొత్తగా చేరతాయి కాబట్టి, ముందుగా పోయేది సన్నటి తీగతో చుట్టిన ట్వీటరే.

నిజానికి స్పీకర్‌లోకి పోయిన శక్తిలో శబ్దంగా మారేది కొద్ది శాతమే, మిగతాదంతా వేడి. కాయిల్ వేడెక్కితే దాని రాగి తీగ నిరోధం పెరిగి, అదే మీట దగ్గర మోత తగ్గుతుంది. అప్పుడు ఇంకా తిప్పితే పని చెడుతుంది. మాడు వాసన వచ్చినా, పాటలో గరగర వినిపించినా వెంటనే తగ్గించాలి. వాట్లు రెట్టింపు చేసినా చెవికి పెరిగేది 3 డెసిబెల్స్, అంటే కొంచెమే. ఆ కొంచెం కోసం స్పీకర్‌ను బలిపెట్టడం అన్యాయం.

అన్నీ సరిగ్గా ఉన్నా మోత తక్కువైతే తీగను అనుమానించాలి. 50 మీటర్ల దూరానికి 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగ లాగితే, రానూపోనూ దారిలోనే సుమారు 1.75 ఓమ్‌లు చేరతాయి. 4 ఓమ్‌ల లోడు అయితే యాంప్లిఫయర్ ఇచ్చే శక్తిలో దాదాపు మూడో వంతు తీగలోనే ఖర్చవుతుంది. లావు తీగ వాడండి, లేదా యాంప్లిఫయర్‌ను బాక్సుల దగ్గరికి జరపండి.

యాంప్లిఫయర్ ఆన్ చేసే ముందు, దాని వైపు తీగ కొసలు విడదీసి మల్టీమీటర్ పెట్టండి. మీటర్ చూపేది కాయిల్ నిరోధమే కాబట్టి 8 ఓమ్‌ల బాక్సుకు 6 చుట్టుపక్కల చూపడం మామూలే. రెండు కలిస్తే 3, నాలుగు కలిస్తే ఒకటిన్నర వరకూ వస్తుంది. పొడవాటి తీగ ఉంటే దాని నిరోధం కూడా ఇందులో చేరుతుంది. ఒకటిన్నర కనిపిస్తే 4 ఓమ్‌ల యాంప్లిఫయర్‌కు ఆ తీగ తగిలించకండి.