తడబడిన మాటలో బయటపడే వర్ణాలు

మాట తడబడినప్పుడు ధ్వనులు ఇష్టం వచ్చినట్టు కలగాపులగం కావు. అమెరికన్ భాషాశాస్త్రవేత్త విక్టోరియా ఫ్రామ్‌కిన్ జనం మాట్లాడుతుండగా దొర్లిన తప్పులను 600కు పైగా పోగుచేసి, 1971లో ప్రచురించిన వ్యాసంలో చూపింది ఇదే. అంతకు ముందు 1895లోనే మెరింగర్, మేయర్ అనే ఇద్దరు జర్మన్ తడబాట్లతో ఒక పుస్తకం వేశారు. తర్వాత ఫ్రాయిడ్ వీటి వెనక అణచిపెట్టిన కోరికలను వెతికాడు. ఫ్రామ్‌కిన్ వెతికింది మాత్రం మనసు మాటను ఏ ముక్కలతో పేరుస్తుందన్నది.

ఆమె సేకరణలో ఒకరు ‘కీప్ ఎ టేప్’ అనబోయి ‘టీప్ ఎ కేప్’ అన్నారు. క్, ట్ చోట్లు మార్చుకున్నాయి. వాటి పక్కనున్న ఈ, ఏ అచ్చులు ఎక్కడివక్కడే ఉన్నాయి. తెలుగు లిపిలో ‘కీ’ ఒకే గుర్తు, హల్లూ అచ్చూ అతుక్కుని కనిపిస్తాయి. నాలుక తడబడినప్పుడు అవి విడిపోయాయి. నోట్లోంచి వచ్చే శబ్దంలోనూ హల్లుకూ అచ్చుకూ మధ్య గీత ఉండదు. ఒకటి ఇంకోదానిలోకి జారిపోతుంది. అయినా తడబాటులో క్ అనే వర్ణం విడిగా ఊడి వచ్చిందంటే, పలకడానికి ముందే అది ఎక్కడో విడి ముక్కగా ఉండి ఉండాలి.

ఇలాంటి మార్పిడి గొంతు దాకా రాకముందే జరుగుతుందనడానికి ఇంకో తప్పు సాక్ష్యం. ‘ఎ లాంగ్వేజ్ అక్విజిషన్ ప్రాబ్లమ్’ అనవలసిన చోట ‘యాన్ ఆంగ్వేజ్ లక్విజిషన్ ప్రాబ్లమ్’ అని వచ్చింది. ల్ ఒక మాట ముందునుంచి తర్వాతి మాట ముందుకు పోయింది. మిగిలిన మాట అచ్చుతో మొదలైంది కాబట్టి ‘ఎ’ కాస్తా ‘యాన్’ అయింది. అంటే వర్ణం మారాకే వ్యాకరణం తన పని చేసింది. పలికినది తప్పే, కానీ ఇంగ్లీషు నియమం మాత్రం తప్పలేదు.

వర్ణంకన్నా చిన్నవి కూడా కదులుతాయి. ‘క్లియర్ బ్లూ స్కై’ అనబోయి ఒకరు ‘గ్లియర్ ప్లూ స్కై’ అన్నారు. అనదలచిన మాటల్లో గ్ గానీ ప్ గానీ ఎక్కడా లేవు. మరి అవి ఎక్కడినుంచి వచ్చాయి? క్ పలికేటప్పుడు స్వరతంతువులు కంపించవు, బ్ పలికేటప్పుడు కంపిస్తాయి. ఆ కంపనం ఒక్కటే చోటు మార్చుకుంది. క్ నాలుక వెనక భాగంలోనే ఉండి కంపనం తెచ్చుకుని గ్ అయింది. బ్ పెదవులమీదే ఉండి దాన్ని పోగొట్టుకుని ప్ అయింది. బడిలో సరళాదేశ సంధి చదివినవారికి ఈ జంటలు పరిచయమే: కచటతపలు పరుషాలు, గజడదబలు సరళాలు. ‘లెబనాన్’ను ‘లెమడాన్’ అన్నవారి విషయంలో చేతులు మారింది అనునాసికత. బ్ ముక్కు సాయం తీసుకుని మ్ అయింది, న్ దాన్ని వదులుకుని డ్ అయింది.

అయితే ఇలా లక్షణం ఒక్కటే కదిలిన తప్పులు చాలా అరుదు. ఎక్కువ తప్పుల్లో వర్ణం మొత్తంగా కదులుతుంది. లక్షణాల ప్రభావం మరోచోట బలంగా కనిపిస్తుంది: చోట్లు మార్చుకునే వర్ణాలు సాధారణంగా ఒకదానికొకటి దగ్గరివే అయివుంటాయి.

ఇక అక్షరం. ఇక్కడ అక్షరమంటే రాసే గుర్తు కాదు, ఒక అచ్చూ దానికి ముందువెనకల చేరే హల్లులూ. ‘గాన్ టు సీడ్’ అనబోయి ‘గాడ్ టు సీన్’ అన్న తప్పులో అక్షరం చివరి న్, మరో అక్షరం చివరి డ్ మారాయి. మొదటి హల్లు మొదటిదానితో, చివరిది చివరిదానితో మారడమే రివాజు. మొదటిది చివరికి పోవడం బహు తక్కువ. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ఈ నియమం ఇంగ్లీషులోనే తేటగా కనబడుతుంది. కానీ అక్షరం మొత్తంగా చోటు మారిన తప్పులు అరుదు. అందుకే చాలామంది పరిశోధకులు అక్షరాన్ని కదిలే ముక్కగా కాక, వర్ణాలు కూర్చునే గళ్ల చట్రంగా చూస్తారు.

ఈ సాక్ష్యానికి ఒక బలహీనత ఉంది. పాత సేకరణలన్నీ చెవితో విని రాసుకున్నవి. చెవి వినిపించినదాన్ని తెలిసిన వర్ణాల్లో ఏదో ఒకటిగా సర్దేసుకుంటుంది. సగం సగం తప్పులు దానికి అందవు. 2007లో గోల్డ్‌స్టీన్, పూప్లియే తదితరులు ప్రచురించిన ప్రయోగంలో ‘కాప్ టాప్’ వంటి జంటలను వేగంగా పదేపదే పలికించి, నాలుకకు అతికించిన సెన్సర్లతో కదలికలు కొలిచారు. చాలాసార్లు క్ కోసం నాలుక వెనక భాగం లేస్తుండగానే ట్ కోసం కొన కూడా లేచింది. అక్కడ ఒక వర్ణం పోయి ఇంకొకటి రాలేదు; రెండు కదలికలూ ఒకేసారి జరిగాయి, కొన్నిసార్లు అరకొరగా. పరుగులాంటి ఆ వల్లెవేతలో పుట్టిన తప్పులు కండరాల స్థాయివి కావచ్చు. ‘యాన్ ఆంగ్వేజ్’ లాంటి తప్పును మాత్రం నాలుక కదలికలతో వివరించడం కష్టం, ఎందుకంటే అక్కడ వ్యాకరణం కూడా కొత్త క్రమానికి తగ్గట్టు సర్దుకుంది.